మైకులో నా గొంతు

కర్ణాటక సరిహద్దులో, పావగడ తాలూకు కచేరీ ఎదురుగా నాకొక చిన్న అంగడి ఉంది. జెరాక్సు, టైపింగు, అర్జీలు రాయడం. ఇరవై ఏళ్ళకు పైబడి అదే కుర్చీలో కూర్చున్నాను. బడిలో చదివింది కన్నడం, ఇంట్లో మాట్లాడింది తెలుగు, పుస్తకాల పిచ్చితో సొంతంగా నేర్చుకున్నది మంచి తెలుగు. ఈ మూడూ తెలిసినవాణ్ని తాలూకులో నేనొక్కణ్నే అని చాలాకాలం గర్వపడ్డాను. నాకు తెలియని మాట ఎవరి నోటినుంచైనా వస్తే చిల్లర పడిపోయినట్టు వెతుక్కునేవాణ్ని. దొరికిన మాటల్ని ఒక పాత డైరీలో రాసుకునేవాణ్ని. ఎడమవైపు ఆఫీసు మాట, కుడివైపు ఊరి మాట.

ఆ డైరీ ఇప్పటికీ సొరుగులోనే ఉంది. దాన్ని తెరవాలంటే నాకు మనసొప్పదు.

సోలార్ పార్కు పనులు మా ఊరి దిక్కు వచ్చిన రోజులవి. రైతులు చేన్లు లీజుకు ఇచ్చేశారు. బోర్లు ఎండిపోయి వేరుశనగ కూడా సరిగా పండని నేలలు, ఇవ్వక ఏంచేస్తారు. నేల చదును చేసే కాంట్రాక్టరు తరఫున ఒకాయన నా అంగడికి వచ్చాడు. ఊళ్ళవాళ్ళతో మాట్లాడే పని ఆయనది. మర్యాదస్తుడే. చేతిలో కన్నడంలో ఉన్న నోటీసు ఒకటి.

"దీన్ని తెలుగులో చేసి, మీ గొంతుతోనే రికార్డు చేసియ్యండి సార్. ఆటోకు మైకు కట్టి ఊళ్ళల్లో తిప్పుతాం. పల్లె జనానికి అర్థం కావాల. పుస్తకాల తెలుగు వద్దు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పల్లె జనానికి అర్థమయ్యేటట్టు రాయడం నాకు చెప్పాలా అనుకున్నాను. ముందు అలవాటు ప్రకారం ఆఫీసు తెలుగులోకి మార్చాను. అది ఇలా వచ్చింది.

"సౌర విద్యుదుత్పాదనా ప్రాంగణ నిర్మాణ నిమిత్తము చేపట్టనున్న భూమి సమతలీకరణ పనుల దృష్ట్యా, సదరు భూములలో గల సమాధులు మొదలగు వాటి గుర్తింపు నిమిత్తము సంబంధిత వ్యక్తులచే నిర్ణీత గడువు లోపల క్షేత్ర కార్యాలయమునకు సమాచారము అందజేయబడవలెను. గడువు అనంతరము అందిన అభ్యంతరములు పరిగణింపబడవు."

తర్వాత డైరీ తెరిచాను. ఒక్కొక్క మాట తీసేసి, దాని పక్కనున్న ఊరి మాటను అక్కడ కూర్చోబెట్టాను. అరగంట పట్టింది.

"సోలార్ కరెంటు తయారు చేసే జాగా కట్టేదానికోసం మొదలుపెట్టబోయే నేల చదును పనులవల్ల, ఆ చేన్లలో ఉన్న సమాధులు మొదలైనవాటిని గుర్తుపట్టేదానికోసం సంబంధం ఉన్నవాళ్ళచేత చెప్పిన దినాల లోపల సైటు ఆఫీసుకు సంగతి తెలపబడవలసి ఉంది. దినాలు దాటినాక వచ్చిన తకరార్లు లెక్కలోకి తీసుకోబడవు."

చదివి చూసుకున్నాను. ఒక్క కష్టమైన మాట లేదు. విద్యుత్తు పోయి కరెంటు వచ్చింది, భూమి పోయి చేను వచ్చింది, అభ్యంతరం పోయి తకరారు వచ్చింది. మూడో తరగతి పిల్లవాడికి కూడా ఇందులో తెలియని మాట ఉండదు. ఫోనులో రికార్డు చేసేటప్పుడు గొంతు కొంచెం పెంచి, ప్రతి మాటా విడివిడిగా పలికాను. వచ్చినాయన విని "శానా బాగుంది సార్" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మా ఊరికి పోయినప్పుడు ఆటో రచ్చకట్ట దగ్గర తిరుగుతోంది. నా గొంతు ఊరంతా వినిపిస్తోంది. టీ అంగడి దగ్గర నలుగురు నన్ను చూసి నవ్వారు. "ఏమప్పా, మైకులో నువ్వే కదా" అన్నారు. నాకు ఒళ్ళు పొంగింది. ఏం చెప్పాననేది మాత్రం వాళ్ళెవరూ అడగలేదు. వాళ్ళు అడగలేదన్న సంగతి అప్పుడు నాకు పట్టలేదు.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి చెప్పాలి. అమ్మకు సొంత అక్క కాదు, పిన్నమ్మ కూతురు. అయినా నన్ను ఎత్తుకొని తిరిగిన మనిషి. వాళ్ళది గొర్రెల కుటుంబం. సొంతానికి సెంటు నేల లేదు. ఎండాకాలంలో రైతులు పిలిచి తమ చేన్లలో మందను పండబెట్టించుకునేవాళ్ళు, ఎరువు పడుతుందని. ఆ చేన్లోనే కంప చుట్టి, ఆ పక్కనే గుడిసె వేసుకొని, వారమో పది రోజులో ఉండి, ఇంకో చేనికి పోయేవాళ్ళు. నేను పుట్టకముందు అలా ఒక చేన్లో మంద ఉన్నప్పుడే పెద్దమ్మకు ఐదు నెలల ఆడబిడ్డ జ్వరంతో పోయింది.

పెద్దవాళ్ళు పోతే మావాళ్ళు సమాధి కడతారు. కనీసం దిబ్బ పోసి తలదిక్కు రాయి నాటతారు. పసిబిడ్డకు అవేవీ ఉండవు. ఏ చేన్లో ఉంటే ఆ చేని గెనెం పక్కన, అంటే గట్టు పక్కన, చిన్న గుంత తీసి పెట్టేస్తారు. కుక్కలు తవ్వకుండా పైన మూడు రాళ్ళు, వాటిమీద ఇంత కంప. అంతే. దాన్ని సమాధి అని ఎవరూ అనరు. బిడ్డను పెట్టిన చోటు అంటారు, అదీ గట్టిగా అనరు. ఆ చోటు పక్కన మంద తోలుకొని పోయినప్పుడల్లా తల్లి ఒక రాయి తీసి ఆ రాళ్ళమీద పెడుతుంది. చిన్నప్పుడు నేను పెద్దమ్మతో గొర్రెల వెంట పోయినప్పుడు ఆమె అలా రాయి పెట్టడం చూశాను. ఎందుకని అడిగితే "మీ అక్క ఉండాదిరా ఈడ" అంది. ఆ వయసులో నాకది వింతగా కూడా అనిపించలేదు. నేనూ ఒక రాయి పెట్టాను.

ఇది తెలిసినవాణ్నయి ఉండీ ఆ నోటీసు రాశాను. ఇప్పటికీ నన్ను కోసేది ఇదే. "సమాధులు మొదలైనవి" అని నా నోటితో నేను చదువుతున్నప్పుడు ఆ మూడు రాళ్ళు నాకు గుర్తుకు రాలేదు. ఆ వాక్యంలో నా అక్కకు చోటు లేదు కాబట్టి నా తలలో కూడా లేకుండా పోయింది.

నెల దాటాక ఒక పొద్దున పెద్దమ్మ షేర్ ఆటోలో పావగడకు దిగి నా అంగడికి వచ్చింది. ఆమె పావగడకు రావడమే అరుదు. వచ్చి మెట్టుమీద కూర్చుంది. లోపల కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏమి పెద్దమ్మా, ఒంట్లో బాగలేదా?"

"బాగనే ఉండాను. అది లేదు."

"ఏది?"

"రాళ్ళు. రాళ్ళు లేవు. గెనెం లేదు. తుమ్మచెట్టు లేదు. అంతా ఒకటే నేల మాదిరి చేసినారు. ఇనుప కంబాలు నాటతాండారు. నా బిడ్డ మీద ఇనుము నాటినారురా."

ఎందుకడిగానో నాకే తెలియదు, తప్పు నాది కాదని చెప్పించుకోవాలనేమో, "మైకులో చెప్పినారు కదా పెద్దమ్మా. నువ్వు వినలేదా?" అన్నాను.

"వింటిని. నీ గొంతు కదా, వినకుండా ఉంటానా. గొర్రెల్ని నిలబెట్టి మరీ వింటి. మా వానికి ఎంత బాగ మాట్లాడేది వచ్చిందో అనుకొంటి."

"మరి?"

"ఏంది మరి? నువ్వు ఆఫీసోళ్ళకు ఏందో చెప్తాండావనుకొంటి."

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ నోటీసుకూ ఈ ఇనుముకూ సంబంధం ఉందని ఆమెకు అప్పటికి తట్టనే లేదు. ఆమె వచ్చింది వేరే పనిమీద.

"నాకు దుడ్డు వద్దు, ఏమీ వద్దు. ఒక్కసారి లోపలికి పోనిస్తే, యాడుందో చూసుకోని మూడు రాళ్ళు పెట్టుకొంటా. దానికొక అర్జీ రాసియ్యి" అంది.

ఆ పని నాకు చేతనయిన పని. కనీసం అలా అనుకున్నాను. ఆమెను మాట్లాడమని, చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకున్నాను. ఆ పైన దాన్ని కన్నడంలోకి మార్చి కచేరీలో ఇవ్వాలి. ఆమె చెప్పింది ఆ ఎండాకాలం నుంచి మొదలైంది. మంద ఎవరి చేన్లో ఉంది, బిడ్డకు జ్వరం ఎప్పుడు వచ్చింది, ఆ రాత్రి వాన ఎలా పడింది, పొద్దున చేని రైతు వచ్చి ఏమన్నాడు. "పెట్టుకోమ్మా, అది నా బిడ్డ లాంటిదే" అన్నాడట ఆయన. ఆ రైతు పోయి కూడా చాలా ఏళ్ళయింది. చివరికి వచ్చి ఇనుము దగ్గర ఆగింది.

నేను మళ్ళీ డైరీ తీశాను. ముందు ఆఫీసు తెలుగు చేద్దామని, ఈసారి కుడివైపు నుంచి ఎడమవైపుకు. ఊరి మాట తీసి ఆఫీసు మాట పెట్టుకుంటూ పోయాను. పూర్తయ్యాక ఆమెకు చదివి వినిపించాను. "గ్రీష్మ ఋతువునందు మేషముల మంద సహితముగా నివసించుచుండగా నా శిశువు జ్వరపీడితయై మరణించినది... నా శిశువుపై లోహ స్తంభములను ప్రతిష్ఠించిరి."

పెద్దమ్మ నా చేతిలోని కాగితం వైపు చూసింది. తర్వాత అడిగింది.

"ఇది ఎవురి బిడ్డరా?"

బెంచీమీద టీ తాగుతూ కూర్చున్న ఒక పెద్దాయన అప్పుడు గ్లాసు కింద పెట్టాడు. కచేరీలోనే గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. రోజూ పొద్దున నా అంగడిలో పేపరు చదవడానికి వస్తాడు. నోరు కొంచెం దురుసు.

"ఏందప్పా ఇది, పురాణం రాసినావా? ఏదీ ఇట్లియ్యి" అని కాగితం తీసుకున్నాడు. చదివి నా ముందు పెట్టాడు. "ఈయమ్మకు ఏం కావాల?"

"లోపలికి పోయేదానికి అనుమతి."

"అది ఈ కాగితంలో యాడ ఉండాది?"

చూశాను. ఆఖరు లైనులో, సగం వాక్యంలో ఉంది.

"ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఏ దిక్కు?"

సర్వే నంబరే లేదు. తుమ్మచెట్టు ఉంది.

"నేను ముప్పై ఏండ్లు అర్జీలు చూసినా. దొడ్డ సాహేబుకు, అదే తహసీల్దారుకు, దినానికి ఎన్ని కాగితాలో నీకు తెలుసా? నిలబడుకోనే చదువుతాడు. మొదటి రెండు లైన్లలో ఎవురు, ఏం కావాల అని ఉండాల. ఆ తర్వాత యాడ. ఆ తర్వాత ఎందుకు. ఈయమ్మ చెప్పేది కథ. ఏది ముందు జరిగిందో అది ముందు చెప్తాది. అది మనుషులు చెప్పే పద్ధతి. ఆయనకు కావాల్సింది తీర్మానం. సరే అనాల్నా, కాదనాల్నా, అంటే ఎవుర్ని అడగాల. నువ్వు కథను కథగానే ఉంచి దానికి పట్టు గుడ్డలు తొడిగినావు. ఏడుపూ పాయ, పనీ పాయ."

నాకు కోపం వచ్చింది. ఎప్పుడూ లేనిది ఆయనతో గొడవ పెట్టుకున్నాను. మాటలు ఆఫీసు మాటలే కదా అన్నాను. తప్పు ఒక్కటి చూపించమన్నాను. "మాటల్లో తప్పు లేదప్పా" అని ఆయన మళ్ళీ టీ తీసుకున్నాడు.

ఆ సాయంత్రం పెద్దమ్మను ఆటో ఎక్కించి వచ్చి, ఆ అర్జీని మొత్తం చింపేసి మళ్ళీ రాశాను. ఇంతే అయింది.

"విషయం: సోలార్ పార్కు కంచె లోపల ఉన్న నా కుమార్తె సమాధి స్థలంలో గుర్తు రాళ్ళు పెట్టుకొనుటకు ఒక్క రోజు అనుమతి కోరుట. నేను గొర్రెల కాపరిని. నాకు భూమి లేదు. మా మంద ఈ దిగువ సర్వే నంబరు చేనిలో ఉన్న కాలంలో ఐదు నెలల నా కుమార్తె మరణించగా, భూమి యజమాని అనుమతితో తూర్పు గట్టు పక్కన పూడ్చినాము. ఇటీవల నేల చదును చేయుటవల్ల ఆ గుర్తులు పోయినవి. నేను ఎవరిమీదా ఫిర్యాదు చేయుట లేదు. నాకు పరిహారం అక్కరలేదు. ఒక్క రోజు లోపలికి అనుమతించవలెనని ప్రార్థన."

మరునాడు పెద్దాయన చదివాడు. సర్వే నంబరు కోసం ఆ చనిపోయిన రైతు కొడుకును వెతికి పట్టుకున్నాను కాబట్టి అదీ ఉంది. ఆయన ఆఖరు లైన్లమీద వేలు పెట్టాడు. "ఈ పరిహారం అక్కరలేదన్న మాట ఉండాదే, దీని తర్వాత ప్రార్థన తప్ప ఇంగేమీ రాయొద్దు. ఆఫీసులో ఏడ్చేది ఇట్లనే" అన్నాడు. దురుసు మనిషి గొంతు కొంచెం తగ్గింది.

వానా ఇనుమూ ఏవీ అందులో లేవు. అయినా ఊరికి పోయి పెద్దమ్మకు చదివి వినిపిస్తే "ఆఁ. ఇది నేనే" అంది.

ఆ మాట విని పావగడకు తిరిగొచ్చాక నేను నోటీసు కాగితం వెతికి తీశాను. అంగడి మూసి, దాన్నీ అర్జీనీ పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నాను. ఒకే తప్పు రెండుసార్లు చేశాను. ఒకసారి కిందికి, ఒకసారి పైకి. పెద్దమ్మ కథను సాహేబు ముందు కథగానే నిలబెట్టాను. సాహేబు నోటీసును పెద్దమ్మ ముందు నోటీసుగానే నిలబెట్టాను. రెండుచోట్లా గుడ్డలు మాత్రం మార్చాను.

నోటీసులో ఏ పనికీ చేసే మనిషి లేడు. చదును పనులు మొదలవుతాయి, ఎవరు మొదలుపెడతారో లేదు. సంగతి తెలపబడాలి, ఎవరు పోయి తెలపాలో లేదు. ఆఫీసులో అది తప్పు కాదు, అక్కడ ఎవరి కుర్చీ ఏదో అందరికీ ముందే తెలుసు. ఊళ్ళో అలా చెప్తే ఎవరూ తమ పని అనుకోరు. "సంబంధం ఉన్నవాళ్ళు" అంటే ఊరికి తెలిసిన అర్థం పట్టా ఉన్నవాళ్ళు. సెంటు నేల లేని పెద్దమ్మ తనకేమి సంబంధం అనుకోక ఏమనుకుంటుంది. "మొదలైనవి" అనే మాటలో ఆఫీసువాళ్ళు ప్రపంచాన్నంతా పట్టించగలరు. ఊరి మనిషికి ఆ మాటలో ఏమీ కనిపించదు. పసిబిడ్డ అని చెప్తేనే పసిబిడ్డ. ఇక చెప్పకపోతే ఏమవుతుందో, అసలైన ఆ ఒక్క సంగతి, నోటీసులో ఎక్కడా లేదు. రాసినవాళ్ళకు అది తెలుసు కాబట్టి రాయలేదు. నేను కూడా కలపలేదు, మాటలు మార్చేవాడికి లేని సంగతి కనబడదు కదా.

ఆ రాత్రి అదే నోటీసును మళ్ళీ రాశాను. ఎవరూ అడగలేదు, ఎవరికీ పనికిరాదు. అయినా రాశాను.

"అప్పా, అమ్మా, ఒక్క నిముషం నిలబడి వినండి. చేన్లు చదును చేసేదానికి వచ్చే సోమవారం జేసీబీలు వస్తాయి. గెనేలు, చెట్లు, రాళ్ళు, అన్నీ తీసేస్తారు. మీవాళ్ళను ఆ చేన్లలో యాడన్నా పెట్టిండారా? పెద్దోళ్ళు కానీ, పసిబిడ్డలు కానీ. కట్టిన సమాధి అయినా సరే, మూడు రాళ్ళయినా సరే. చేను మీది కాకపోయినా సరే. ఆదివారం లోపల కాంట్రాక్టరు షెడ్డు కాడికి వచ్చి ఆ చోటు చూపించండి. చూపిస్తే దాన్ని వదిలేస్తారు. చూపించకపోతే దానిమీద జేసీబీ పోతాది."

ముందుదానికన్నా ఇది చాలా పొడుగు. సులభం అంటే పొట్టిది అనుకున్న నా తెలివికి సిగ్గేసింది. ఇందులో ఉన్నవి కూడా డైరీలో లేని మాటలేమీ కావు. ఇది రాయడానికి నాకు డైరీ అక్కరలేకపోయింది, అంతే. పెద్దమ్మ మెట్టుమీద కూర్చొని ఉన్నట్టు అనుకొని రాశాను. ఆమె ముఖం చూస్తూ ఎవరైనా "తెలపబడవలసి ఉంది" అంటారా?

కన్నడంలోకి మార్చి కచేరీలో ఇచ్చిన అర్జీకి జవాబు రావడానికి నెలలు పట్టింది. ఆ మధ్యలో నోటీసు తెచ్చినాయనే ఇంకో కాగితంతో వచ్చాడు. పెద్ద లైనుకు కరెంటు ఇస్తున్నారు, దాని కింద ఏమేమి చేయకూడదో చెప్పాలి. నేను వెంటనే రాయలేదు. ఊరికి పోయి పెద్దమ్మ పక్కన కూర్చొని ఒక్కొక్క సంగతీ చెప్పాను. ఆమె గొర్రెపిల్లకు ఆకు పెడుతూ అడిగేది.

"ఏ తీగె? మా కొట్టం మీద పోయేదేనా?"

"ఎప్పుడు నుంచి?"

"పొడుగు కొక్కికట్టెతో చింత రెమ్మలు వంచుకొంటాం కదా, అదీ చేయగూడదా? మరి అది చెప్పవేంది?"

కొక్కికట్టె సంగతి కాగితంలో లేదు. "వాహక వస్తువుల వినియోగము" అని ఉంది. అడిగినవన్నీ అడిగిన వరసలోనే రాసి, కాగితం తెచ్చినాయనకు కూడా ఒకసారి చూపించి ఒప్పించుకొని, రికార్డు చేశాను. ఆటో తిరిగిన పూట టీ అంగడి దగ్గర నా గొంతు బాగుందని ఒక్కరూ అనలేదు. ముగ్గురు మాత్రం ఏ తీగో చూపించమని అడిగారు. పెద్దమ్మ పుణ్యాన ఊరికి ఆ మేలు జరిగింది. ఆమెకు మాత్రం నేను చేసింది ఏమీ లేదు.

చివరికి అనుమతి వచ్చింది. ఒక రోజు, పది నుంచి పన్నెండు గంటలదాకా, ఇద్దరు మనుషులు. పెద్దమ్మ ఆ పొద్దున తల స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. ఒడిలో మూడు రాళ్ళు. ఊరి వంకలో ఏరుకొని, కడిగి తెచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఒడిలో ఏముందని అడిగాడు. ఆమె విప్పి చూపించింది. అతను గేటు తీశాడు.

లోపల నల్లని పలకలు, ఒక వరస తర్వాత ఇంకో వరస, కంటికి ఆనినంత దూరం. మాతో వచ్చిన సర్వే పిల్లవాడు మ్యాపు చూసి "ఈ నంబరు ఇక్కడ్నుంచి అక్కడిదాకా" అన్నాడు. అర్జీలో తూర్పు గట్టు అని రాశాను. గట్టు ఉంటే కదా తూర్పు గట్టు. పెద్దమ్మ మొదటి వరస పొడుగునా నడిచింది. రెండో వరస నడిచింది. ఒకచోట ఆగి, వంగి, మట్టి చేత్తో తీసి చూసి, కాదని లేచింది. వెనక్కి తిరిగి కొండ దిక్కు చూసింది, కొండను బట్టి గుర్తుపడదామని. పలకలు అడ్డం. మునికాళ్ళమీద లేచి చూసింది. పన్నెండు కావస్తోంది.

నేను దగ్గరికి పోయాను. ఇంకేమి అనాలో తెలియక అడిగాను.

"పెద్దమ్మా, బిడ్డను పెట్టింది యాడ?"

ఆమె నా వైపు తిరిగింది. చాలా మెల్లగా, నన్ను ఎత్తుకున్న రోజుల్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఈ మాట మైకులో అడిగింటే పరిగెత్తుకోని వచ్చి చూపిస్తుంటి కదరా నాయినా."

నేను ఏడ్చాను. ఆమె ముందే, ఆ సర్వే పిల్లవాడి ముందే. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది. ఎవరు ఎవరిని ఓదార్చాలో కూడా తారుమారైపోయింది.

ఎక్కడో ఒకచోట పెట్టేద్దాం పెద్దమ్మా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. బిడ్డ లేని చోట రాయి పెడితే అది ఉత్త రాయే అంది. ఒడి మళ్ళీ ముడి వేసుకొని గేటు దిక్కు నడిచింది.

తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో జనం ఎక్కువ. బరువుగా ఉంటాయి, కింద పెట్టు పెద్దమ్మా అన్నాను. ఆమె వినిపించుకోలేదు. ఊరు వచ్చేదాకా ఆ మూడు రాళ్ళను ఒడిలోనే పెట్టుకొని, వాటిమీద చెయ్యి వేసుకొని కూర్చుంది.